బదులు ఏ భాషలో వస్తోంది?

వలస వెళ్లిన కుటుంబంలో సొంత భాష ఒక్కరోజులో పోదు. తరానికి ఒక మెట్టు చొప్పున దిగుతుంది. పెద్దయ్యాక దేశం దాటిన మొదటి తరం సొంత భాషలోనే లెక్కలు వేసుకుంటుంది, పోట్లాడుకుంటుంది, కలలు కంటుంది. కొత్త దేశపు భాష వాళ్లకు పనికోసం నేర్చుకున్నదే. అక్కడ పుట్టిన రెండో తరానికి రెండు భాషలూ అందుతాయి గానీ, బడిలో చేరిన కొద్దికాలానికే బయటి భాష బలపడి ఇంటి భాష వెనక్కి తగ్గుతుంది. మూడో తరానికి చేరేసరికి ఇంటి భాషలో మిగిలేవి చాలావరకు వంటకాల పేర్లు, కొన్ని చుట్టరికపు పిలుపులు, పూజలో వినే నాలుగు మాటలు.

రుంబౌట్, మాసీ, బీన్ అనే ముగ్గురు పరిశోధకులు దక్షిణ కాలిఫోర్నియాలోని వలస కుటుంబాలను పరిశీలించి 2006లో వెలువరించిన అధ్యయనం ఈ క్రమాన్నే చూపించింది. చుట్టూ లక్షల మంది మాట్లాడే స్పానిష్ భాష కూడా మెక్సికో నుంచి వచ్చిన కుటుంబాల్లో మూడో తరం దగ్గర దాదాపుగా ఆగిపోతోంది. ఆసియా భాషల ఆయుష్షు అంతకంటే తక్కువ. వాటిలో చాలావరకు రెండో తరంతోనే వాడుక తప్పుతున్నాయి.

తెలుగువారికి ఈ అనుభవం కొత్తది కాదు. 1860లో మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. నాటాల్ చెరకు తోటల్లో ఒప్పంద కూలీలుగా పనిచేయడానికి భారతదేశం నుంచి మొదట అక్కడికి చేరినవారు అందులోనే వెళ్లారు. ఆ తర్వాత అర్ధశతాబ్దం పాటు మద్రాసు నుంచి వెళ్లిన ఓడల్లో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు. వాళ్ల వారసులు 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. 1996 నాటి దక్షిణాఫ్రికా రాజ్యాంగం ఆదరించి ప్రోత్సహించవలసిన భాషల్లో తెలుగును పేరు పెట్టి చెప్పింది. ఒక వలస సమాజపు భాషకు అది పెద్ద గుర్తింపే. అయినా నేడు ఆ కుటుంబాల్లో ఇంటి భాష ఇంగ్లీషే. తెలుగు భజనల్లో, పెళ్లి తంతుల్లో, ఇంటిపేర్లలో నిలిచింది.

మారిషస్‌లో పరిస్థితి ఇంకొంచెం మెరుగు. అక్కడ ఉగాదికి ప్రభుత్వం సెలవు ఇస్తుంది. ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు చెబుతారు. మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో పై చదువుల దాకా తెలుగు నేర్చుకోవచ్చు. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు ఆ ద్వీపంలోనే జరిగాయి. కానీ బడిలో తెలుగు చదివిన పిల్లవాడు ఇంటికి వచ్చి అమ్మతో మాట్లాడేది మాత్రం క్రియోల్‌లో.

ఈ రెండు దేశాల కథా ఒకే విషయం చెబుతుంది. సంఘం, బడి, ప్రభుత్వం భాషను గౌరవంగా నిలబెట్టగలవు, నేర్పగలవు. కానీ భాష ఒక తరం నోటి నుంచి మరో తరం నోటికి దిగేది ఇంట్లోనే. భాషలు వాడుక తప్పే తీరును జీవితమంతా పరిశీలించిన అమెరికా పండితుడు జాషువా ఫిష్‌మన్ 1991లో రాసిన పుస్తకంలో ఈ మాటే నొక్కి చెప్పాడు. ఇంట్లో పెద్దల నుంచి పిల్లలకు భాష అందకపోతే, బడి ఎంత కష్టపడినా ప్రతి తరంలోనూ మళ్లీ అ, ఆల నుంచి మొదలుపెట్టాల్సిందే.

ఇప్పుడు అదే దారిలో కొత్తగా నడుస్తున్నది అమెరికాలోని తెలుగు సమాజం. అక్కడి జనగణన శాఖ అయిదేళ్లు దాటినవారిని ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడుగుతుంది. 2017 నాటికి తెలుగు అని చెప్పినవారి సంఖ్య నాలుగు లక్షలు దాటింది. ఆ సంఖ్య వేగంగా పెరగడానికి కారణం కొత్తగా దిగుతున్న మొదటి తరం. అందుకే మొత్తం అంకె చూసి భాష క్షేమంగా ఉందనుకోవడానికి లేదు. అక్కడే పుట్టిన పిల్లలు ఏ భాషలో బదులిస్తున్నారో ఆ అంకె చెప్పదు.

ఆ బదులు మారే తీరు ఇంచుమించు ప్రతి ఇంట్లోనూ ఒకటే. పాప పుట్టినప్పుడు అమ్మమ్మో నానమ్మో వచ్చి ఆరు నెలలు ఉంటుంది. సందర్శకుల వీసా మీద సాధారణంగా ఉండనిచ్చేది అంతే. ఆ ఆరు నెలలూ పాప చెవిలో పడేదంతా తెలుగే. ఇది చిన్న విషయం కాదు. 1984లో వెర్కర్, టీస్ అనే పరిశోధకులు ఇంగ్లీషు మాట్లాడే ఇళ్లలోని పసిపిల్లలకు హిందీలోని ‘త’, ‘ట’ శబ్దాలు వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు ఆ రెంటికీ తేడా గుర్తుపట్టారు. పది నుంచి పన్నెండు నెలలు వచ్చేసరికి వాళ్లలో చాలామందికి ఆ తేడా వినిపించడం మానేసింది. ఇంట్లో వినబడని తేడాను చెవి వదిలేసుకుంటుంది. అదే వయసులో ‘తాత’నూ ‘టాటా’నూ రోజూ వినే తెలుగింటి పాపకు ఆ తేడా నిలిచిపోతుంది.

రెండేళ్లకు పాప తెలుగులోనే ముద్దుగా మాట్లాడుతుంది. తల్లిదండ్రులు ఇక బెంగ లేదనుకుంటారు. మూడేళ్లకు డేకేర్‌లో చేరుతుంది. రోజుకు ఎనిమిది గంటలు ఇంగ్లీషులో ఆటలు, పాటలు, స్నేహాలు. మొదట ఇంటికి ఇంగ్లీషు మాటలు వస్తాయి, తర్వాత వాక్యాలు వస్తాయి. నాలుగో ఏడు దాటేలోగా, అమ్మ తెలుగులో అడిగితే పాప ఇంగ్లీషులో బదులివ్వడం అలవాటవుతుంది. తర్వాత తమ్ముడు పుడతాడు. అక్క వాడితో ఇంగ్లీషులోనే ఆడుతుంది కాబట్టి వాడికి ఇంట్లోనే ఇంగ్లీషు మాట్లాడే తోడు దొరుకుతుంది. రెండో సంతానానికి ఇంటి భాష మొదటి సంతానానికంటే తక్కువగా రావడానికి ముఖ్య కారణం ఇదే. ఈ స్థితిలో చాలామంది తల్లిదండ్రులు ‘మా పిల్లలకు అన్నీ అర్థమవుతాయి, మాట్లాడరంతే’ అంటారు. ఆ ‘అంతే’ దగ్గరే తరం తెగిపోయే ప్రమాదం ఉంది. అర్థమవడం ఆ పిల్లల అవసరాలకు సరిపోతుంది. కానీ రేపు వాళ్లు తమ బిడ్డను లాలించాల్సి వచ్చినప్పుడు నోరు పలకాలి.

ఇంట్లో ఎవరు ఏ భాష మాట్లాడితే ఏమవుతుందో బెల్జియంలో ఆనిక్ డి హౌవర్ అనే పరిశోధకురాలు లెక్కగా చూపింది. డచ్ మాట్లాడే ఫ్లాండర్స్ ప్రాంతంలో, ఇంట్లో మరో భాష కూడా వాడే సుమారు 1,900 కుటుంబాల వివరాలు సేకరించి 2007లో ఫలితాలు ప్రకటించింది. తల్లిదండ్రులు ఇద్దరూ ఇంటి భాషే మాట్లాడిన ఇళ్లలో 97 శాతం చోట్ల పిల్లలు ఆ భాష మాట్లాడుతున్నారు. ఒకరు ఇంటి భాష, మరొకరు డచ్ మాట్లాడిన ఇళ్లలో అది 74 శాతం. ఒకరు డచ్ మాత్రమే మాట్లాడుతూ, ఇంకొకరు రెండూ కలిపి మాట్లాడిన ఇళ్లలో 36 శాతానికి పడిపోయింది. తల్లిదండ్రుల్లో ఒకరికే తెలుగు వచ్చిన ఇంట్లో ఆ ఒక్కరూ రెండు భాషల మధ్య ఊగితే పిల్లల నోట తెలుగు నిలవడం కష్టమని దీన్నుంచి తెలుస్తుంది. ఇద్దరికీ తెలుగు వచ్చిన ఇంట్లో ఇద్దరూ తెలుగుకే కట్టుబడటం మిగతా ఏ ఉపాయం కంటే బలమైనది. అయినా నూటికి నూరు పాళ్లు హామీ ఏ పద్ధతికీ లేదు.

తల్లిదండ్రులు మాట్లాడటం సగం పని. పిల్లలు ఇంగ్లీషులో బదులిచ్చిన క్షణంలో పెద్దలు ఏం చేస్తారన్నది మిగతా సగం. నార్వేలో ఇంగ్లీషు, నార్వీజియన్ కలిసిన ఇళ్లలో పసిపిల్లల సంభాషణలను దగ్గరగా విన్న ఎలిజబెత్ లాంజా అనే భాషా శాస్త్రవేత్త, అలాంటప్పుడు పెద్దల స్పందన అయిదు రకాలుగా ఉంటుందని గుర్తించింది. ఆ అయిదింటినీ ఒక తెలుగింటి భోజనాల బల్ల దగ్గర పెట్టి చూస్తే సంగతి స్పష్టమవుతుంది.

నాలుగేళ్ల పాప కంచంలో పప్పన్నం అయిపోయింది. ‘అమ్మా, ఐ వాంట్ మోర్ పప్పు’ అంది. అమ్మ ‘ఓకే, హియర్ యు గో’ అంటే సంభాషణ అక్కడితో ఇంగ్లీషుకు మారిపోయింది. ఏమీ అనకుండా గరిటెతో పప్పు వడ్డిస్తే, ఏ భాషలో అడిగినా పని జరుగుతుందని పాపకు తెలిసింది. ‘ఇంకొంచెం పప్పు కావాలి’ అని పాప మాటనే తెలుగులో పలికి వడ్డిస్తే, తెలుగు వాక్యం చెవిన పడింది గానీ పాప నోరు మెదపాల్సిన అవసరం రాలేదు. ‘ఇంకొంచెం పప్పు కావాలా, నెయ్యి కావాలా?’ అని అడిగి ఆగితే, పాప కనీసం ‘పప్పు కావాలి’ అనాలి. ‘ఏమన్నావు తల్లీ?’ అని ఆశగా చూస్తూ ఆగితే, వాక్యమంతా పాపే తెలుగులో కట్టుకోవాలి.

ఈ వరసలో కిందికి వచ్చేకొద్దీ పిల్లల నోట తెలుగు పలికే అవకాశం పెరుగుతుంది. అయితే చివరి పద్ధతి అన్ని వేళలా పనికిరాదు. అమ్మకు ఇంగ్లీషు వచ్చని నాలుగేళ్ల పాపకు బాగా తెలుసు. మాటిమాటికీ ‘ఏమన్నావు?’ అంటే అది పరీక్షలా తోచి పాప మాట్లాడటమే మానుకుంటుంది. పడి మోకాలు చీరుకుపోయి ఏడుస్తున్నప్పుడు, బడిలో అవమానం జరిగి వచ్చినప్పుడు భాష దిద్దకూడదు. అప్పుడు వినడమే పని. అందువల్ల రోజువారీ వాడుకకు నాలుగో పద్ధతి అన్నిటికంటే అనుకూలం. రెండు తెలుగు మాటలు ముందుంచి, ఒకటి ఎంచుకోమంటుంది. మాట రాని పిల్లకు మాట అందిస్తుంది, వచ్చిన పిల్ల చేత పలికిస్తుంది. ‘అవును’తో తేలిపోయే ప్రశ్నలో ఈ ఫలితం లేదు.

ఇంకో చిక్కు పిల్లల వైపు నుంచి కాదు, పెద్దల మాటలోనే ఉంది. ‘హ్యాండ్స్ వాష్ చేసుకుని డిన్నర్‌కి రా’ అనే తల్లి తాను తెలుగు మాట్లాడుతున్నాననే అనుకుంటుంది. ఆ వాక్యంలో తెలుగుగా మిగిలినవి ‘చేసుకుని’, ‘కి’, ‘రా’. అర్థాన్ని మోసే మాటలన్నీ ఇంగ్లీషే. ఇలాంటి వాక్యాలే వింటూ పెరిగిన పిల్లకు తెలుగు క్రియలు అసలు అందవు. తెలుగులో చేతులు కడుక్కుంటారు, బట్టలు ఉతుకుతారు, గిన్నెలు తోముతారు, తలంటుకుంటారు. ‘వాష్ చేయి’ అనే ఒక్క మాట ఈ నాలుగింటినీ మింగేస్తుంది. అలాగే చీర కట్టుకుంటారు, చొక్కా తొడుక్కుంటారు, గాజులు వేసుకుంటారు, కళ్లజోడు పెట్టుకుంటారు. ఇంగ్లీషులో వీటన్నిటికీ ఒకే క్రియ సరిపోతుంది. ఆ మాటకు ‘చేయి’ తగిలిస్తే తెలుగులోని తేడాలన్నీ చెరిగిపోతాయి.

బస్సు, ఫోను, స్కూలు లాంటి పేర్లను తెలుగు ఎప్పుడో తనలో కలుపుకుంది. వాటితో నష్టం లేదు. క్రియలు పోతే వాక్యం కట్టే శక్తి పోతుంది. అందుకని పెద్దలు ముందుగా కాపాడుకోవలసింది క్రియలను. ఇల్లంతా ఒకేసారి మార్చుకోవడం కష్టమనిపిస్తే వంటింటితో మొదలుపెట్టవచ్చు. కూర తరగడం, బియ్యం కడగడం, అన్నం వార్చడం, పిండి కలపడం, పోపు వేయడం, పాలు పొంగడం, గారెలు వేయించడం. పిల్లలను పక్కన నిలబెట్టుకుని చేసే పనిలో చేతికీ మాటకీ లంకె పడుతుంది. రోజూ ఒకే సమయంలో ఒకే పని జరుగుతుంది కాబట్టి, మాటలు కంఠస్థం చేయించకుండానే వస్తాయి.

భాష సడలుతున్నదని తెలిపే గుర్తులు కొన్ని ఉన్నాయి. ఉచ్చారణ కంటే ముందు వాక్యం తీరు చెబుతుంది. ‘నాకు ఆకలేస్తోంది’ అనాల్సినచోట ‘నేను హంగ్రీ’ అనడం, ‘నాకు ఇష్టం’ బదులు ‘నేను ఇష్టం’ అనడం, ‘అక్క వచ్చింది’ అనాల్సినచోట ‘అక్క వచ్చాడు’ అనడం అలాంటివి. ‘మేము’, ‘మనం’ రెంటినీ ఒకటిగా వాడటం మరో గుర్తు. ఎదుటివారిని కలుపుకుంటే ‘మనం’, మినహాయిస్తే ‘మేము’. ఇంగ్లీషులో ఈ తేడా లేదు కాబట్టి పిల్లలకు ముందుగా జారిపోయే వాటిలో ఇదొకటి. పిన్ని, అత్త, పెద్దమ్మ అందరూ ‘ఆంటీ’లైపోయారంటే చుట్టరికపు మాటలూ వెళ్లిపోతున్నాయని అర్థం.

‘మీరు’ అనే మాట సంగతి వేరు. పిల్లలతో అందరూ ‘నువ్వు’ అనే మాట్లాడతారు. కాబట్టి తమతో జరిగే సంభాషణల నుంచి పిల్లలకు ‘మీరు’ రాదు. పెద్దవాళ్లు పెద్దవాళ్లతో మాట్లాడుకుంటుంటే పక్కన కూర్చుని వినాలి. నాలుగు తెలుగు కుటుంబాలు కలిసిన సాయంత్రం పిల్లలందరినీ ట్యాబ్‌లిచ్చి వేరే గదిలోకి పంపిస్తే వాళ్లు పోగొట్టుకునేది ఇదే. రచ్చబండ మీదా వీధి అరుగు మీదా ఊళ్లో పిల్లలు ఊరకే విని నేర్చుకునే భాషకు పరదేశంలో మిగిలిన చోటు అలాంటి కలయికలే.

ఇక బడి. సిలికానాంధ్ర మనబడి 2007లో మొదలై అమెరికా అంతటా వారాంతపు తెలుగు తరగతులు నడుపుతోంది. తానా లాంటి సంఘాలకూ పాఠశాలలు ఉన్నాయి. చదవడం, రాయడం నేర్పే శక్తి బడికే ఉంది. గుణింతాలు, ఒత్తులు క్రమంగా చెప్పడానికి చాలా ఇళ్లలో తీరిక ఉండదు. తనలాగే తెలుగు మాట్లాడే పిల్లలు ఇంకా ఉన్నారని పిల్లవాడికి కళ్లారా తెలిసేది కూడా అక్కడే. కానీ లెక్క వేసి చూడాలి. ఆరేళ్ల పిల్లవాడు రోజుకు పదమూడు గంటలు మేలుకుని ఉంటాడనుకుంటే వారానికి 91 గంటలు. అందులో తెలుగు బడి రెండు గంటలు. మిగతా 89 గంటల్లో తెలుగు లేకపోతే ఆ రెండు గంటల్లో నేర్చినది అక్షరాలుగానే ఉండిపోతుంది. పిల్లవాడు గడగడా చదువుతాడు, చదివినదానికి అర్థం చెప్పలేడు.

బడి తెలుగుకూ ఇంటి తెలుగుకూ మధ్య దూరం కూడా ఒక ఇబ్బంది. పుస్తకంలో ‘వచ్చాడు’ అని ఉంటుంది, నాన్నమ్మ ఫోనులో ‘వచ్చిండు’ అంటుంది. శ్రీకాకుళం నానమ్మ పలుకుబడి వేరు, చిత్తూరు తాతయ్య యాస వేరు. ఇంటి మాట తప్పని దిద్దితే పిల్లవాడికి రెండు నష్టాలు జరుగుతాయి. తనకు వచ్చిన కాస్త తెలుగు మీదా నమ్మకం పోతుంది, నానమ్మతో మాట్లాడటానికి వెనకాడతాడు. ఇంట్లో ఇలా అంటారు, పుస్తకంలో ఇలా రాస్తారు అని రెండూ పక్కపక్కన పెట్టి చెబితే పిల్లలు తేలికగానే అందుకుంటారు. ఇప్పటికే రెండు భాషలు మోస్తున్న పిల్లలకు రెండు తెలుగులు భారం కావు.

రెండు భాషల వల్ల పిల్లలకు మాట ఆలస్యమవుతుందనే భయం చాలా ఇళ్లలో తెలుగును ఆపేయించింది. ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడమని సలహా ఇచ్చినవారూ ఉన్నారు. పిల్లల మాటలను పరిశోధించినవారు దీన్ని సమర్థించరు. రెండు భాషలు వినే పిల్లలకు ఒక్కో భాషలో మాటలు కాస్త తక్కువ ఉండొచ్చు. రెండింటిలోనూ తెలిసిన మాటలు కలిపి లెక్కిస్తే సాధారణంగా తక్కువేమీ ఉండదు. నిజంగా మాట లోపం ఉంటే అది రెండు భాషల్లోనూ కనిపిస్తుంది. ఇంగ్లీషులో తడబడే పిల్లవాడు తెలుగులో వయసుకు తగ్గట్టు మాట్లాడుతుంటే, అది లోపం కాదు, ఇంగ్లీషు ఇంకా తక్కువగా వినడమే. రెంటిలోనూ వెనకబడితే వైద్యుల దగ్గరకు వెళ్లాలి. అప్పుడు కూడా ఇంటి భాష మానిపించాల్సిన పని లేదు.

పన్నెండు, పదమూడేళ్లు వచ్చాక పిల్లలు తెలుగులో బదులివ్వడం దాదాపు మానేసిన ఇళ్లలోనూ తలుపులు మూసుకుపోలేదు. చిన్నప్పుడు విన్న భాష లోపల ఉంటుంది. అది నోటికి రావాలంటే తెలుగు తప్ప వేరే దారి లేని మనిషి ఎదుట పడాలి. ఇంగ్లీషు రాని అమ్మమ్మ దగ్గర వేసవిలో నాలుగు వారాలు, అదీ అమ్మానాన్నలు పక్కన లేకుండా గడిపిన పిల్ల తిరిగి వచ్చేసరికి వాక్యాలు కలుపుతుంది. ఆ వెసులుబాటు లేనివాళ్లు వారానికి ఒక వీడియో కాల్‌ను పిల్లకే అప్పగించవచ్చు. పెద్దలు మధ్యలో దూరి అనువాదం చేయకుండా, గోంగూర పచ్చడి ఎలా చేస్తారో పిల్లే అమ్మమ్మను అడిగి రాసుకోవాలి. మాట తట్టని చోట అమ్మమ్మే అందిస్తుంది. తప్పులు వస్తాయి. వాటిని చూసి నవ్వే చుట్టం ఒక్కడున్నా ఆ పిల్ల మళ్లీ నోరు విప్పదు కాబట్టి, ఆ ముక్క ముందుగా చుట్టాలకే చెప్పి ఉంచాలి.

ఇంట్లో తెలుగు నిలిచిందో లేదో ఉగాది నాటి పాటల పోటీలో తేలదు. తల్లిదండ్రులు పక్కన లేనప్పుడు అక్కాతమ్ముళ్లు ఒకరినొకరు ఏ భాషలో పిలుచుకుంటున్నారో వింటే కొంత తెలుస్తుంది. పూర్తిగా తేలేది ఇరవై, ముప్పై ఏళ్ల తర్వాత, ఆ పిల్ల తల్లయి, రాత్రి రెండు గంటలకు ఏడుస్తున్న తన బిడ్డను భుజాన వేసుకుని ఊరడించేటప్పుడు. ఆ వేళ ఎవరూ భాషను ఎంచుకోరు. చిన్నప్పుడు తన నోట నలిగిన మాటలే వస్తాయి.